పది పున్నములు తక్కువ



ఈ శ్రావణ శుద్ధ పంచమికి, అంటే గరుడ పంచమి నాటికి, మా తాతయ్యకి ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. ఆ రోజు ఇంట్లో ఆయన గురించి నాలుగు ముక్కలు మాట్లాడమని మా బాబాయి అడిగాడు. నా వల్ల కాదన్నాను. తాతయ్య ఎదురుగా మా ఇంట్లో ఎవరూ ఒక్క వాక్యం పూర్తి చేసిన దాఖలా లేదు. మధ్యలో చెయ్యెత్తి ఆపుతారు. తేదీ సరిదిద్దుతారు, మొత్తం సరిదిద్దుతారు, ఆఖరికి మనం ఏం చెప్పబోయామో కూడా ఆయనే చెప్పేస్తారు. అందుకే రేడియోలో చెబుతున్నాను, ఇక్కడ ఆ బెడద లేదు. పెద్దాపురంలో వీధరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని ఆయన వింటున్నారు. చెయ్యెత్తే ఉంటారు. ఎత్తనివ్వండి, నాకు కనపడదు.

తాతను వేళాకోళం చెయ్యడానికి మన ఇళ్లలో మనవలకి పుట్టుకతోనే హక్కు వస్తుంది. ఇదే మాట కొడుకంటే తలపొగరంటారు, కోడలంటే ఇంకేమైనా ఉందా! మనవరాలంటే మాత్రం చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, తాత మీసం వెనకాల నవ్వుతారు. ఆ ధైర్యంతోనే వచ్చాను. నేను రేడియోలో మాట్లాడతానని చెప్పగానే తాతయ్య అడిగిన మొదటి ప్రశ్న, "లైసెన్సు ఉందా?" అని. ఒకప్పుడు రేడియో వినాలంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. అది 1980లలోనే తీసేశారు. కానీ ఆ రుసుము తీసుకుని పుస్తకం మీద ముద్ర కొట్టిన చెయ్యి ఆయనది. అంత తేలిగ్గా మర్చిపోతుందా?

అవును, మా తాతయ్య తపాలా శాఖ మనిషి. 1966లో గుమాస్తాగా చేరి, సబ్ పోస్టుమాస్టరుగా 2006లో రిటైరయ్యారు. మామ్మ మాటల్లో చెప్పాలంటే, ఆయన రిటైరై ఇంటికొచ్చారు, వస్తూ వస్తూ పోస్టాఫీసుని కూడా వెంటబెట్టుకొచ్చారు. నిజమే, మా ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నరకి కౌంటరు మూస్తారు.

అదెలా ఉంటుందో చెబుతాను. భోజనాలయ్యాక గది మధ్యలో వాలుబల్ల వేస్తారు. దాని మీద ఎర్ర అంచు బౌండు పుస్తకం. చిన్న స్టీలు గిన్నెలో తడి స్పాంజి, నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు తడుపుకోవడానికి. నాలిక మీద వేలు పెట్టి నోట్లు లెక్కబెట్టే వాళ్లంటే తాతయ్యకి పరమ రోత. పుస్తకంలో ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. కొత్తిమీర కట్ట, చెప్పుకి కుట్టు, గుడి దగ్గర హారతి పళ్లెంలో వేసిన రూపాయి, అన్నీ ఎక్కుతాయి. ఆఖర్న పుస్తకంలో తేలిన నిల్వ, జేబులో ఉన్న డబ్బు ఒకటి కావాలి. కాకపోతే కౌంటరు మూసుకోదు. ఫ్యాను కింద పక్కలు పరుచుకునే వీలుండదు, ఎందుకంటే నోట్లు ఎగురుతాయని ఫ్యాను కట్టేసి ఉంటుంది. పోస్టాఫీసులో పైసా తేడా వచ్చినా తేలేదాకా ఎవరూ ఇంటికి కదలకూడదట. మేం ఇంట్లోనే ఉన్నాం కదా, ఇంకెక్కడికి కదులుతాం!

గత వేసవి సెలవుల్లో నేనున్నప్పుడు ఓ రాత్రి రెండు వందల డెబ్బై రూపాయలు తక్కువొచ్చాయి. తాతయ్య మొహంలో కంగారు లేదు సరికదా, వేటకి బయల్దేరే కళ వచ్చింది. "తొమ్మిదితో భాగించు" అన్నారు నాతో. ముప్పై అన్నాను. "శేషం?" "లేదు." "అయితే డబ్బు పోలేదు. అంకె తిరగబడింది."

ఇది లెక్కలు రాసే వాళ్లందరికీ తెలిసిన కిటుకేనట. పక్కపక్కనున్న రెండంకెలు తారుమారైతే, వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. నలభై అయిదు రాయబోయి యాభై నాలుగు రాశారనుకోండి, తేడా తొమ్మిది. ఇక్కడ భాగిస్తే ముప్పై వచ్చింది కాబట్టి తారుమారైనవి వందల అంకె, పదుల అంకె. ఆ రెండింటికీ మధ్య తేడా మూడు. ఇక పుస్తకం మొదటి నుంచీ అక్కర్లేదు, వందల అంకెకీ పదుల అంకెకీ మూడు తేడా ఉన్న పద్దులు చూస్తే చాలు. పదకొండు గంటలకి దొరికింది. కరెంటు బిల్లు పద్నాలుగు వందల పది కట్టి, పదకొండు వందల నలభై అని రాశారు. రాసింది ఆయనే. చేతిరాత ఆయనదే. కొంచెంసేపు దాన్ని పరిశీలించి, "ఈ పెన్ను మంచిది కాదు" అన్నారు.

మామ్మ నిద్ర కళ్లతో లేచొచ్చింది. "దొరికాయా రెండు వందల డెబ్బై?"

"దొరికింది."

"ఏవీ, ఇలా ఇవ్వండి."

"డబ్బు కాదు. తేడా దొరికింది."

"డబ్బు లేదా? మరి అంత సంబరం దేనికండీ, అర్ధరాత్రి?"

దానికి తాతయ్య చెప్పిన జవాబు ఇక్కడ అనవసరం. ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఈ సూత్రానికి రెండో సగం కూడా ఉందని ఆయన నాకు గొప్పగా చెప్పారు. తేడా తొమ్మిదితో పోతే తప్పు పెన్నుది. పోకపోతే ఎవరో తీసి చెప్పలేదన్నమాట. ఆ "ఎవరో" అన్నప్పుడు వంటింటి వైపు చూశారు. చొక్కా జేబులోంచి వంద తీస్తే వంద తొమ్మిదితో పోదు, రెండు వందలు పోదు, ఐదు వందలు అసలే పోదు. మామ్మ ప్రతిసారీ దొరికిపోయేదట. "కానీ ఈ పదేళ్లలో బాగా మారింది మీ మామ్మ. జేబు జోలికి రావడమే మానేసింది. ఇప్పుడు వచ్చేవన్నీ పెన్ను తప్పులే" అన్నారు.

ఈ ప్రసంగం కోసం మామ్మని విడిగా కూర్చోబెట్టి అడిగాను. ముందు చెప్పలేదు. తర్వాత పోపుల డబ్బా సర్దుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. ఈ తొమ్మిది సంగతి తాతయ్య పదేళ్ల క్రితం మా నాన్నకి బోధిస్తుంటే తను వంటింట్లోంచి వింది. ఆ రోజు నుంచి జేబులోంచి తీస్తే తొంభై తీస్తుంది, లేకపోతే నూట ఎనభై, పండగ నెలైతే రెండు వందల డెబ్బై. వంద నోటు తీసుకుని పది తిరిగి పెట్టేస్తుంది. ఆయన రాత్రంతా తారుమారైన అంకె కోసం వెతుకుతుంటారు, తను హాయిగా పడుకుంటుంది. మామ్మ అయిదో తరగతితో చదువు ఆపేసింది. తాతకి దగ్గులు నేర్పకూడదంటారు, మామ్మ ఏకంగా తాతయ్యకి ఆడిటింగు నేర్పింది.

ఇది రేడియోలో చెప్పనా అని అడిగాను. "చెప్పు, ఎనభై వచ్చాయి కదా, తట్టుకుంటార్లే" అంది.

అక్కడితో ఊరుకోకుండా నేను పుస్తకం కూడా తిరగేశాను. పోస్టాఫీసు లెక్కల్లో ఏ పద్దు కిందకీ రాని చెల్లింపులు వేసుకోవడానికి ఒక పద్దు ఉంటుంది, అన్‌క్లాసిఫైడ్ అంటారు. తాతయ్య పుస్తకంలోనూ ఉంది. దాని కింద తొంభై, నూట ఎనభై, తొంభై, తొంభై, రెండు వందల డెబ్బై... పదేళ్లవీ వరసగా, తేదీలతో సహా. ప్రతి డిసెంబరు ఆఖరున మొత్తం కట్టి ఉంది. అంటే పెన్ను తప్పులని నాతో అన్నది అబద్ధమే. ఆ మొత్తాన్ని పట్టుకెళ్లి మామ్మ దాచుకున్న మొత్తంతో సరిచూశాను. తొంభై రూపాయలు తేడా వచ్చింది. ఇద్దరికీ చెప్పాను. తాతయ్య వెంటనే, "తొంభై అంటే తొమ్మిదితో పోతుంది. మీ మామ్మ ఎక్కడో అంకె తిప్పి రాసింది" అన్నారు. మామ్మ, "ఆయన పెన్ను మంచిది కాదు" అంది.

అసలీ లెక్కల పిచ్చి ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. 1957 ఏప్రిల్ ఒకటిన కొత్త పైసలు వచ్చాయి. అంతకు ముందు రూపాయికి పదహారు అణాలు, ఆ రోజు నుంచి రూపాయికి వంద నయా పైసలు. వందని పదహారుతో భాగిస్తే అణాకి ఆరుంబావు రావాలి. పావు పైసా నాణెం లేదు కదా, అందుకని అణాకి ఆరు పైసలే చేతిలో పెట్టేవారు. నాలుగణాలు ఒకేసారి మారిస్తే మాత్రం సరిగ్గా పాతిక వచ్చేది. అప్పుడు మా తాతయ్యకి పదకొండో ఏడు. మొదటి రోజే ఓ అణా మార్చి, పావు పైసా నష్టపోయారు. ఆ తర్వాత నాలుగణాలు పోగయ్యేదాకా దుకాణం గుమ్మం తొక్కలేదట. పక్కవాళ్లు జీళ్లు కొనుక్కుని తింటుంటే అణాలు పిడికిట్లో పట్టుకుని నిలబడ్డ పిల్లాణ్ణి తలుచుకోండి. ఈ కథ మాకు ఎన్నిసార్లు చెప్పారో, ప్రతిసారీ ఆ పావు పైసా దగ్గర గొంతు పట్టేస్తుంది. పావలా చెల్లదని 2011లో రిజర్వు బ్యాంకు ప్రకటించినప్పుడు మా ఇంట్లో జరిగినదాన్ని సంతాపం అనే అనాలి. హార్లిక్స్ సీసాడు పావలాలు ఇప్పటికీ బీరువా మీద ఉన్నాయి. ప్రభుత్వం మనసు మార్చుకోవచ్చని ఆయన ఆశ.

ఇంతకీ ఆయన పుట్టిన తెలుగు సంవత్సరం పేరేమిటో తెలుసా అండీ? 1946, వ్యయ నామ సంవత్సరం. పేరు పెట్టిన వాళ్లు మా తాతయ్యని చూసి ఉండరు.

ఇక ఈ పుట్టినరోజు గొడవకి వస్తాను. డాలస్ నుంచి మా బాబాయి సెలవు పెట్టుకుని వస్తున్నాడు. ఎనభై అంటే వెయ్యి పున్నములు చూసిన మనిషి కదా, సహస్ర చంద్ర దర్శనం అని ఘనంగా చేద్దామన్నాడు. ఫ్లెక్సీ డిజైను ఫోన్లో పంపాడు. తాతయ్య కళ్లద్దాలు సవరించుకుని చూసి, "వెయ్యి కాలేదు" అన్నారు.

బౌండు పుస్తకం వచ్చింది. ఎనభై ఏళ్లకి ఏడాదికి పన్నెండు చొప్పున తొమ్మిది వందల అరవై పున్నములు. మధ్యలో వచ్చిన అధిక మాసాలు, నికరంగా ముప్పై. ఈ ఏడు వచ్చిన అధిక జ్యేష్ఠం కూడా అందులో ఉంది. మొత్తం తొమ్మిది వందల తొంభై. "పది చంద్రుళ్లు తక్కువ. ఇంత కొరత పెట్టుకుని నేను లెక్క మూయనురా అబ్బాయీ" అన్నారు. బాబాయి పురోహితుడు గారిని రంగంలోకి దింపాడు. ఆయన పాపం, ఎనభై ఏళ్ల ఎనిమిది నెలలకి చెయ్యడం వాడుకేనని చెప్పారు. తాతయ్య ఆయనకి మజ్జిగ ఇప్పించి, ఎదురుగా కూర్చోబెట్టి, "ఎనిమిది నెలలు కలిపినా తొమ్మిది వందల తొంభై ఎనిమిదే వచ్చాయి. మిగతా రెండూ తమరు ఏ పద్దులో వేశారు?" అని అడిగారు. పురోహితుడు గారు మజ్జిగ తాగి, వేరే చోట పెళ్లి ఉందని వెళ్లిపోయారు. వెయ్యో పున్నమి ఎప్పుడో తాతయ్యే తేల్చారు. వచ్చే వైశాఖ పున్నమి. దాని పక్కన పెన్సిలుతో ఇంకో మాట రాసుకున్నారు, "మబ్బు పట్టినవి తీసివేయాలా?" అని. మబ్బుల సంగతి తేలితే ఈ వేడుక ఎప్పటికి జరుగుతుందో మాకు తెలియదు. శ్రావణ భాద్రపదాల్లో గోదావరి జిల్లాల్లో చంద్రుడు కనబడేది ఎన్నిసార్లని?

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆయన బడి సర్టిఫికెట్లో పుట్టిన తేదీ జూలై ఒకటి. ఆ రోజుల్లో బళ్లో చేర్చేటప్పుడు మేష్టారు తనకి ఏ తేదీ తోస్తే అది రాసేవారు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుకి ఎనభై నిండితే, నిండిన నెల ఒకటో తేదీ నుంచి మూల పింఛను మీద ఇరవై శాతం అదనంగా ఇస్తారు. దానికి సర్వీసు రిజిస్టరులో ఉన్న తేదీయే ప్రమాణం. కాబట్టి పింఛను దగ్గర తాతయ్యకి జూలైలోనే ఎనభై వచ్చేశాయి. పాయసం దగ్గర ఆగస్టులో వస్తున్నాయి. ఊరందరికీ భోజనాలు పెట్టాల్సిన దగ్గర వచ్చే వైశాఖం దాకా రావు. రాబడికి సర్టిఫికెట్టు, ఖర్చుకి పంచాంగం అన్నమాట.

మొత్తానికి ఫ్లెక్సీ మీద ఏం వెయ్యాలో తేలక బాబాయి విసిగిపోయి, "పోనీ తొమ్మిది వందల తొంభై చంద్ర దర్శనం అని వేయించనా?" అన్నాడు. వేళాకోళానికి అన్నాడు. తాతయ్య, "అలా వెయ్యి. అది సరైన అంకె" అన్నారు. ఫ్లెక్సీ అలాగే తయారైంది. పెద్దాపురం వైపు వచ్చే శ్రోతలుంటే మా వీధి మొదట్లో చూడవచ్చు.

ఇప్పటి వరకూ విన్నదాన్ని బట్టి మా తాతయ్య బాగా మాట్లాడే మనిషని మీకు అనిపించి ఉంటుంది. లెక్క తప్పినప్పుడే మాటలు. మామూలుగా ఆయనది తంతి భాష. టెలిగ్రాంకి మాటకి ఇంత అని రుసుము. చిరునామాలో మాటలకి కూడా లెక్కే. కౌంటరు దగ్గరికి ఏడుస్తూ వచ్చిన వాళ్ల పేజీడు బాధని ఏడెనిమిది మాటల్లోకి కుదించి, వాళ్ల డబ్బు మిగిల్చి పంపేవారట తాతయ్య. మంచి పనే. కానీ టెలిగ్రాం సేవలు 2013 జూలైలో ఆగిపోయాయి. ఆ కబురు కూడా టెలిగ్రాం ఇచ్చి ఉంటే ఆయనకి అందేదేమో. ఇప్పుడు నెలకి ఇంతని కట్టేస్తే ఫోన్లో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చని నాన్న ఎన్నిసార్లు చెప్పినా, తాతయ్య ఫోనెత్తితే ఇలా ఉంటుంది. "చేరాను. క్షేమం. ఉక్క. పెట్టేస్తున్నా." నాకు ఉద్యోగం వచ్చిందని ఉబ్బితబ్బిబ్బై ఫోన్ చేస్తే, "సంతోషం. వివరాలు ఉత్తరంలో రాయి" అని పెట్టేశారు. తర్వాత మామ్మ ఫోన్ తీసుకుని నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యమధ్యలో వెనక నుంచి "చార్జీ, చార్జీ" అని వినిపిస్తూనే ఉంది. చార్జింగు అనుకున్నాను. కాదు.

పాత తరం వాళ్లకి గుర్తుండే ఉంటుంది, శుభాకాంక్షల టెలిగ్రాంలకి తపాలా శాఖ ఒక పట్టిక పెట్టింది. ఒక్కో శుభాకాంక్షకి ఒక్కో నంబరు. వాక్యమంతా కొట్టక్కర్లేదు, నంబరు పంపితే అవతలి పోస్టాఫీసులో దాన్ని పూర్తి వాక్యంగా రాసి అందించేవారు. పెళ్లికి ఎనిమిది. చిరకాలం సుఖంగా కాపురం చెయ్యండి అని దానర్థం. పెళ్లయిన మొదటి ఏడు, పెళ్లిరోజు పొద్దున తాతయ్య వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, కొత్త పెళ్లికూతురు మామ్మతో చాలా ప్రేమగా, "ఎనిమిది" అన్నారట.

మామ్మ ఎనిమిది ఇడ్లీలు పెట్టింది.

ఆయన మారు మాట్లాడకుండా ఎనిమిదీ తిన్నారు. ఆఫీసుకి సైకిలు తొక్కలేక నడిచి వెళ్లారని మామ్మ చెబుతుంది. ఆ ఎనిమిదికి అర్థం ఏమిటో ఆవిడకి తెలిసింది మూడో ఏడు. అప్పటి నుంచి పెళ్లిరోజున ఆయన "ఎనిమిది" అంటారు, మామ్మ "ముందు రెండు తినండి" అంటుంది. మా ఇంట్లో నేను చూసిన ప్రేమ సంభాషణ మొత్తం అదే.

తాతయ్యా, నాకిచ్చిన వ్యవధి అయిపోవచ్చింది. మీరు చేతి గడియారం చూస్తూనే ఉంటారని నాకు తెలుసు. నేను చెప్పినవాటిలో అంకెలేమైనా తప్పుంటే రాసిపెట్టండి. తొమ్మిదితో పోతే నా పెన్నుది, పోకపోతే మామ్మది. కొత్త చొక్కా తొడుక్కోండి, పాతది కాదు. దాని జేబులో తొంభై తక్కువుంటే వెతక్కండి. మిగతా సంగతులు ఉత్తరంలో రాస్తాను. పట్టికలో పుట్టినరోజుకి ఏ నంబరో మీకు నేను చెప్పాలా?

ఐదు.